పిల్లలు పెద్దయ్యాక తెరవాల్సిన ఉత్తరాలు: ఎన్ని రాయాలి, ఎప్పుడు ఇవ్వాలి, ఎవరి దగ్గర పెట్టాలి?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. పర్లాకిమిడిలో ఉంటాం. అండాశయ క్యాన్సర్. ఇక కీమో వల్ల లాభం లేదని, నెలల్లోనే ఉంటుందని డాక్టరు చెప్పేశారు. పాపకి 8, బాబుకి 3. పాప ఇంగ్లీష్ మీడియం, రెండో భాష ఒడియా. వాళ్లు పెద్దయ్యాక తెరిచి చదువుకునేలా ఉత్తరాలు రాసి పెడదామని, 18 ఏళ్లు వచ్చేదాకా ప్రతి పుట్టినరోజుకీ ఒకటి అనుకున్నాను. రెండు లైన్లు రాసేసరికి ఏడుపొచ్చి ఆగిపోతున్నాను. మా ఆయనతో అంటే "అలాంటి మాటలు మాట్లాడకు" అంటున్నారు. మా చెల్లెలు టెక్కలిలో ఉంటుంది. ఎలా రాయాలి, ఎవరి దగ్గర పెట్టాలి?

సమాధానం:

ముందు ఆ పుట్టినరోజుల లెక్క వదిలేయండి చెల్లెమ్మా. పాపకి పది, బాబుకి పదిహేను, మొత్తం పాతిక ఉత్తరాలు. మీ ఓపికకి మించిన పని అన్నది ఒక్కటే కారణం కాదు. ప్రతి ఏడూ పుట్టినరోజు పొద్దున్నే కవరు తెరవాలంటే ఆ రోజు పిల్లల పండగ కాకుండా అమ్మ పోయిన సంగతి గుర్తుచేసే రోజైపోతుంది. పైగా పద్దెనిమిదో ఏట ఆఖరి కవరు తెరిచాక ఇక రావని తెలిసిన పిల్లకి అమ్మ రెండోసారి పోయినట్టు ఉంటుంది. నేను బరంపురంలో పాలియేటివ్ కేర్ నర్సుని. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఇళ్లకి వెళ్లి రోగుల్ని చూసే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఇలా పాతిక మొదలుపెట్టి ఆరేడు దగ్గర ఆగిపోయినవాళ్లు ఉన్నారు. అప్పుడు పెద్దపిల్లకి నిండుగా ఉత్తరాలు ఉంటాయి, చిన్నవాడికి ఒకటో రెండో. వాడు పెద్దయ్యాక అడిగేది అదే: నాకెందుకు తక్కువ? అందుకని ఇద్దరికీ సమానంగా తలా నాలుగు అనుకోండి. ఒక్కోటి ఒకటి రెండు పేజీలు చాలు. రాసేటప్పుడు కూడా ఒకరివన్నీ అయ్యాక రెండోవారివి కాకుండా, పాపకొకటి బాబుకొకటి జతగా రాయండి. ఏ రోజు ఆగిపోయినా ఇద్దరికీ సమానంగా ఉంటాయి.

ఇక ఏ సందర్భానికి అన్నది. పిల్లలు సాధించేవాటికి ఉత్తరాన్ని కట్టకండి. "ఇంజనీరింగ్ సీటు వచ్చిన రోజు", "ఉద్యోగంలో చేరిన రోజు" అని కవరు మీద రాస్తే, సీటు రాని పిల్లకి ఆ కవరు ఎప్పటికీ తెరవకూడని కవరైపోతుంది. బీరువాలో అది ఉన్నంతకాలం అమ్మ ఫెయిల్ చేసినట్టే అనిపిస్తుంది. వయసుకి కట్టండి, లేదా ఎలాగూ వచ్చే దశకి కట్టండి. మెట్రిక్ ఉత్తరం అనుకుంటే, పరీక్షలు అయిపోయాక ఫలితాలు రాకముందు ఇవ్వమనండి. ఆ మధ్యలో కొన్ని వారాలు ఉంటాయి కదా, అప్పుడు మార్కులతో సంబంధం లేకుండా చదువుకుంటుంది. పెళ్లి ఉత్తరం అయితే "పెళ్లి కుదిరాక, లేకపోతే 25 నిండాక, ఏది ముందైతే అది" అని రాయండి. పెళ్లి రోజే ఇవ్వొద్దని కూడా రాయండి. ముహూర్తం టెన్షన్, చుట్టూ జనం, పసుపు పూసిన చేతులు, పక్కనే వీడియో తీసేవాడు. ఆ పిల్ల అక్కడ ఏడవాలా, ఏడవకూడదా? వారం ముందే ఇస్తే ఒక గదిలో కూర్చుని చదువుకుంటుంది.

పాప పెద్దమనిషి అయినప్పటి ఉత్తరం మాత్రం తప్పకుండా రాయండి. ఆ సమయంలో ఆడపిల్లలు అమ్మని వెతుక్కుంటారు. అది పదో ఏట రావచ్చు, పద్నాలుగో ఏట రావచ్చు. అంటే అన్నిటికంటే ముందు అవసరపడేది ఇదే, మొదట రాయాల్సిందీ ఇదే. దీన్ని వేడుకలో పేరంటాళ్ల ముందు కాకుండా మొదటి రోజే, మీ చెల్లెలు పక్కన ఉండి ఇవ్వాలి. ఇందులో పెద్ద మాటలు అక్కర్లేదు. నొప్పి వస్తే ఏం చెయ్యాలి, ఎవర్ని అడగాలి, మీకు వచ్చినప్పుడు ఇంట్లో ఏం జరిగింది, మీరెంత భయపడ్డారు. ఇవి చాలు. బాబుకి దీనికి జతగా మీసాలు వచ్చే వయసుకి ఒకటి రాయండి.

ఇవి కాక ఏ తేదీ లేని ఉత్తరం ఒకటి రాయించమని అందరికీ చెబుతాను. కవరు మీద "అమ్మ మీద కోపం వచ్చినప్పుడు" అని ఉంటుంది. కోపం వస్తుంది, ముఖ్యంగా పదమూడు పద్నాలుగేళ్లప్పుడు. వదిలేసి పోయిందని లోపల అనుకుంటారు, పైకి అనరు. ఎప్పుడు అడిగితే అప్పుడు ఇచ్చే కవరు ఒకటి ఉందని వాళ్లకి తెలిస్తే, చాలామంది అడగను కూడా అడగరు. ఉందని తెలిస్తే చాలు.

లోపల ఏం రాయాలన్నదానికి ఒక ఇంటి సంగతి చెబుతాను. ఆనవాళ్లు మార్చి చెబుతున్నాను. గుణుపురంలో ఒక టైలరు, నాలుక క్యాన్సర్. ఆపరేషన్ తర్వాత మాట స్పష్టంగా వచ్చేది కాదు, పలక మీద రాసి చూపించేవారు. కూతురికి 9, కొడుక్కి 4. కూతురి మెట్రిక్ కోసం ఆయన రాసిన మొదటి ఉత్తరం ఇలా ఉంది: "బాగా చదువుకో. అమ్మ మాట విను. తమ్ముడి బాధ్యత నీదే. నువ్వు టీచరువి కావాలని నా కోరిక. మన ఇంటి పరువు నిలబెట్టు." ప్రతి వాక్యమూ ప్రేమతో రాసిందే. కానీ పదహారేళ్ల పిల్ల చదివితే అయిదు లైన్లలో అయిదు బరువులు. ఎదురుగా ఉన్న తండ్రి "టీచరువి కా" అంటే పిల్ల "నాకిష్టం లేదు నాన్నా" అంటుంది, పోట్లాడుతుంది, ఆయన ఒప్పుకుంటాడు. పోయినవాడితో బేరం లేదు. ఆ మాట ఆజ్ఞ అయిపోతుంది.

ఇంకొకటి, ఆ ఉత్తరంలో ఆయన ఎక్కడా లేరు. ఏ తండ్రైనా రాయగలిగిన మాటలే. అదే అడిగాను, ఇందులో మీరెక్కడున్నారండీ అని. చాలాసేపు ఊరుకుని, తర్వాత పలక తీసుకున్నారు. రెండోసారి రాసిన ఉత్తరం ఇలా మొదలైంది: "నీకు అయిదేళ్లప్పుడు నా టేపు మెడలో వేసుకుని మన కొట్టుకి వచ్చిన వాళ్లందరికీ కొలతలు తీసేదానివి. అంకెలు రావు. ఎవరిదెంత అంటే నలభై అనేదానివి. ఒడియా మాస్టారి నడుమూ నలభైయే, నీ తమ్ముడి నడుమూ నలభైయే. కొలతల పుస్తకం ఆఖరి పేజీలో నువ్వు గీసిన గీతలున్నాయి. ఆ పేజీ చింపలేదు." పెళ్లి ఉత్తరంలో ఇంకో వాక్యం ఉంది: "నీ పెళ్లి జాకెట్టు నేనే కుడదామనుకున్నాను. ఎవరు కుట్టినా చంక దగ్గర అర అంగుళం వదలమని చెప్పు, చిన్నప్పట్నుంచీ నీకు బిగుతు పడదు." సలహా ఇవ్వాలనిపిస్తే ఇలాంటి సలహా ఇవ్వండి. బాధ్యత అప్పగించకండి. తమ్ముణ్ణి చూసుకో, నాన్నని కనిపెట్టుకుని ఉండు, ఏడవకు, ఫలానా సంబంధమే చేసుకో, ఇవన్నీ రాశాక కొట్టేయండి. మీ ఆయన మళ్లీ పెళ్లి చేసుకోవడం గురించి కూడా "నా చోటు ఎవరికీ ఇవ్వకండి" లాంటి మాట ఏ మూలా ఉండకూడదు. ఒకవేళ ఇంటికి ఇంకొకామె వస్తే, ఆ పిల్లలు ఆమె పెట్టిన అన్నం తింటూ మీకు ద్రోహం చేస్తున్నామని అనుకుంటారు.

అదే ఇంట్లో ఇంకో సంగతి జరిగింది. ఆ పాప సరిగ్గా తినడం మానేసింది. తల్లి ఎంత అడిగినా చెప్పలేదు. ఆఖరికి ఒక రాత్రి "నేను తెచ్చినవేనా?" అని అడిగిందట. ఆయన ఖైనీ పొట్లాల కోసం పాన్ దుకాణానికి పంపేది ఆ పిల్లనే. జబ్బు ఖైనీ వల్లే వచ్చిందని డాక్టరు అన్నారని ఎవరో మాట్లాడుకుంటుంటే వింది. ఇది ఉత్తరంలో పెట్టి ఏడేళ్ల తర్వాత ఇచ్చే సంగతి కాదు. ఆ మర్నాడే ఆయన పలక మీద రాసి చూపించారు: "నేను పంపాను, నువ్వు తెచ్చావు. తప్పు నాది. నీది కాదు." తర్వాత అదే మాట ఒక ఉత్తరంలో కూడా రాశారు, ఆమెకి పద్నాలుగు వచ్చాక ఇవ్వమని. తొమ్మిదేళ్లప్పుడు అర్థమైంది వేరు, బడిలో పొగాకు గురించి పాఠం చదివాక మళ్లీ పుట్టే అనుమానం వేరు.

మీ పాప వయసు పిల్లల్లో ఇది మామూలే. నేను అల్లరి చేసినందుకా, అమ్మతో పోట్లాడినందుకా, ఆ రోజు "నువ్వంటే నాకిష్టం లేదు" అన్నందుకా అని లోలోపల లెక్కలు వేసుకుంటారు. అడక్కపోతే అనుమానం లేదని కాదు. కాబట్టి ఉత్తరాలకి ముందు ఒక పని ఉంది. జబ్బు పేరు, అది అంటుకునేది కాదని, ఎవరి వల్లా రాలేదని, మందులు ఇక పనిచేయడం లేదని పాపకి మీ నోటితో చెప్పండి. "అమ్మ ఊరెళ్తుంది", "నిద్రపోతుంది" అనే మాటలు వద్దు. ఇంట్లో ఒక కథ చెప్పి ఉత్తరంలో ఇంకోటి రాస్తే, పదేళ్ల తర్వాత ఆ పిల్ల ఉత్తరాన్ని నమ్మాలో ఇంట్లోవాళ్లని నమ్మాలో తేల్చుకోలేదు. ఇంతకుముందు పిల్లలకి ఎప్పుడూ చెప్పని కుటుంబ రహస్యాలు ఏమన్నా ఉంటే అవి కూడా ఉత్తరంలో బయటపెట్టకండి. చదివాక వంద ప్రశ్నలొస్తాయి, జవాబు చెప్పడానికి మీరుండరు.

బాబు ఉత్తరాలు వేరే రకంగా రాయాలి. మూడేళ్లలోపు సంగతులు పెద్దయ్యాక దాదాపు ఎవరికీ గుర్తుండవు. పాపకి "గుర్తుందా, ఆ రోజు" అని రాస్తే గుర్తుంటుంది, సంతోషపడుతుంది. బాబుకి అదే మాట రాస్తే గుర్తులేనందుకు సిగ్గుపడతాడు, అమ్మని మరిచిపోయానని బాధపడతాడు. వాడికి "నీకు గుర్తుండదు, గుర్తుండకపోవడం నీ తప్పు కాదు, అందుకే నేను చెబుతున్నాను" అని మొదలుపెట్టి మీ కళ్లతో చూసింది రాయండి. ఎలా పాకేవాడు, ఏ మాట ముందు అన్నాడు, ఏ పాటకి పడుకునేవాడు, ఏ కూర పెడితే ఉమ్మేసేవాడు, ఆ పేరు ఎవరు పెట్టారు. వాడికి మీరు ఎలా ఉంటారో కూడా తెలియదు. మీరు గట్టిగా నవ్వుతారా, కోపం వస్తే గిన్నెలు చప్పుడు చేస్తారా, అవి కూడా రాయండి.

ఇప్పుడు మన ప్రాంతానికే ఉన్న చిక్కు. మీరు ఉత్తరం తెలుగులోనే రాస్తారు, అదే రాయాలి. కానీ పదహారేళ్లకి మీ పాప దాన్ని చదవగలుగుతుందా? సరిహద్దుకి ఇటువైపు, ఒడిశాలో, మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా, ఇంగ్లీష్, హిందీ నేర్చుకుంటారు. తెలుగు అక్షరాలు చాలామందికి రావు. అమ్మ రాసిన ఉత్తరాన్ని పక్కింటివాళ్ల చేత చదివించుకోవాల్సి వచ్చిన పిల్లని చూశాను. చదివే ఆయన గొంతు సవరించుకుని వార్తలు చదివినట్టు చదివారు. ఆ పిల్ల తల వంచుకుని కూర్చుంది.

దీనికి రెండు పనులు చేయండి. ఒకటి, మీ చేతిరాత కాగితం వెనక అదే ఉత్తరాన్ని ఒడియా అక్షరాల్లో మళ్లీ రాయించండి. మాటలు తెలుగే, లిపి ఒడియా. రెండు లిపులూ తెలిసినవాళ్లు పర్లాకిమిడిలో వీధికి నలుగురు దొరుకుతారు కానీ, మీ ఉత్తరం చదవనివ్వగలిగిన మనిషి అయ్యుండాలి. ఒడియాలో ఎ, ఏలకి, ఒ, ఓలకి వేరువేరు గుర్తులు లేవు. కాబట్టి కొన్ని మాటలు చదివేటప్పుడు తడబడతారు. ఇంట్లో వినే భాషే కాబట్టి సర్దుకుంటారు. ఒడియాలోకి మార్చి రాయించొద్దు, మీరు మాట్లాడే మాటలే ఉండాలి. రెండోది, ఉత్తరాన్ని మీ గొంతుతో చదివి ఫోన్లో రికార్డు చేయండి. బాబుకి ఇది కాగితం కంటే ముఖ్యం. ఆ టైలరు గారి గొంతు ఆపరేషన్‌కి ముందే రికార్డు చేసుంటే బాగుండేదని వాళ్లావిడ ఇప్పటికీ అంటుంది. ఆమె దగ్గర ఉన్నది పాత పెళ్లి వీడియోలో ఆయన "భోజనాలకి రండి" అన్న ఒక్క మాట.

రికార్డింగులు మీ ఫోన్లోనో మీ గూగుల్ ఖాతాలోనో మాత్రమే ఉంచొద్దు. రెండేళ్లు ఎవరూ వాడని ఖాతాని, అందులో ఉన్నవాటితో సహా గూగుల్ తీసేయవచ్చు. పెన్‌డ్రైవ్ కూడా పదేళ్లు బీరువాలో పడుంటే తెరుచుకుంటుందని నమ్మకం లేదు. మీ ఆయన ఫోన్లో, మీ చెల్లెలి ఫోన్లో, ఒక పెన్‌డ్రైవ్‌లో, మూడు చోట్ల పెట్టి, ఫోన్ మార్చినప్పుడల్లా కొత్తదాంట్లోకి కాపీ చేయమనండి. కాగితం అయితే ఇంత తంటా లేదు. జెల్ పెన్ను వద్దు, కొన్నిటి ఇంకు మన తేమకి అలుక్కుపోతుంది. మామూలు నల్ల బాల్ పెన్నుతో మంచి బాండ్ పేపరు మీద రాసి, జిరాక్స్ తీయించండి. జిరాక్స్ అక్షరాలు నీళ్లు తగిలినా చెదరవు. లామినేషన్ చేయించకండి, లోపల చెమ్మ చేరితే కాగితం పాడైపోతుంది, విడదీయలేం. చెదలు పట్టని స్టీలు డబ్బాలో ఉంచితే చాలు.

ఎవరి దగ్గర అన్నదానికి నా జవాబు: అసలు ఒకచోట, జిరాక్స్ ఇంకోచోట. ఒకటి మీ ఇంట్లో, రెండోది టెక్కలిలో మీ చెల్లెలి దగ్గర. మీ అత్తవారిని తక్కువ చేసి అనడం లేదు. కోడలు పోయాక కొన్నేళ్లకి పుట్టింటివాళ్ల రాకపోకలు తగ్గిపోవడం మన ఇళ్లల్లో చూస్తూనే ఉన్నాం. ఉత్తరం ఇచ్చే పని పిన్నికి ఉంటే, ఆ వంకతోనైనా రెండు మూడేళ్లకోసారి ఆమె వచ్చి తీరాలి. ఆమెకి అన్ని ఉత్తరాలూ చదివి వినిపించండి. లోపల ఏముందో ఏ పెద్దవాళ్లకీ తెలియని కవరు పిల్లల చేతికి వెళ్లకూడదు. చదివిన పిల్ల రాత్రి ఏడిస్తే ఎందుకో తెలిసిన మనిషి ఒకరు ఉండాలి. కవరు మీద మూడు సంగతులు రాయండి: ఎవరికి, ఎప్పుడు, ఎవరు పక్కన ఉండి ఇవ్వాలి. కింద ఒక వాక్యం చేర్చండి: "ఇప్పుడు వద్దనిపిస్తే తర్వాత తెరువు, నాకేం కోపం లేదు." గుణుపురం పాపకి పిన్ని కవరు తీసుకెళ్తే మొదట వద్దంది. ఫలితాలొచ్చి, సెలవులు సగం అయ్యాక తనే ఫోన్ చేసి అడిగింది.

పొలం, బంగారం, ఇన్సూరెన్స్, పిల్లల్ని ఎవరు పెంచాలి అన్న మాటలు ఈ ఉత్తరాల్లో ఒక్కటి కూడా రానివ్వకండి. వాటికి వీలునామా వేరు, దానికి ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. ఉత్తరంలో "నా గాజులు పాపకి" అని రాస్తే, రేపు పెద్దవాళ్ల తగువులో ఆ ఉత్తరాన్ని నలుగురి మధ్య చదువుతారు.

ఇక ఏడుపు సంగతి. దాదాపు అందరూ "నువ్వు ఇది చదివేసరికి నేను ఉండను" అనే వాక్యంతో మొదలుపెడతారు, అక్కడే ఆగిపోతారు. ఆ వాక్యం అవసరమే లేదు, చదివేవాళ్లకి ఆ సంగతి తెలుసు. ఒక వస్తువుతో మొదలుపెట్టండి. పాప మొదటి బడి సంచీ, మీ వంటింట్లో విరిగిన చిన్న స్టూలు, ఏదైనా సరే. చేత్తో రాయలేకపోతే మీ చెల్లెల్ని ప్రశ్నలు అడగమని, మీరు జవాబులు చెబుతుంటే రికార్డు చేయమనండి. కెనడాలో హార్వే చోచినోవ్ అనే మానసిక వైద్యుడు ఆఖరి దశ రోగుల కోసం తయారుచేసిన పద్ధతి ఇలాంటిదే. రోగి చేత మాట్లాడించి రికార్డు చేస్తారు, కాగితం మీద పెడతారు, తిరిగి రోగికే చదివి వినిపించి, నొప్పించే మాటలుంటే మార్పించి అప్పుడు కుటుంబానికి ఇస్తారు. 2011లో వచ్చిన పెద్ద పరిశీలనలో దీనివల్ల రోగుల మానసిక బాధ ఇతరుల కంటే పెద్దగా తగ్గినట్టు తేలలేదు. అయితే ఆ పని తమకీ ఇంట్లోవాళ్లకీ మేలు చేసిందని వాళ్లు ఎక్కువగా చెప్పారు. కాబట్టి రాస్తే మనసు తేలికవుతుందని ఎదురుచూడకండి, కాకపోతే మీలో లోపం ఉందనుకోకండి. తిరిగి చదివించుకునే మెట్టు మాత్రం వదలొద్దు. ఒక రోజు ఆగి వింటే, కొట్టేయాల్సిన వాక్యం మీకే తగులుతుంది.

కూర్చునే వేళ కూడా చూసుకోండి. మీ జబ్బులో చాలామందికి పొట్టలో నీరు చేరుతుంది, ఆయాసంతో కూర్చోలేరు. నీరు తీయించుకున్నాక కొన్ని రోజులు తేలిగ్గా ఉంటుంది, ఆ రోజులు ఉత్తరాలకి పెట్టుకోండి. మార్ఫిన్ వాడుతుంటే, మొదలుపెట్టినప్పుడూ డోసు పెంచినప్పుడూ కొన్నాళ్లు మత్తుగా ఉండి తర్వాత తగ్గుతుంది. మాత్ర వేసుకున్నాక నొప్పి అణిగిన వేళ అరగంట చాలు, అంతకు మించి లాగకండి. పగలూ రాత్రీ తారుమారవడం, అన్నదే మళ్లీ అనడం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం కనిపిస్తే రాయడం ఆపేయమని మీ చెల్లెలికి ముందే చెప్పి ఉంచండి, డాక్టరుకి కూడా చెప్పమనండి. ఆ రోజుల్లో రాసినదాన్ని ఆమె చదవకుండా డబ్బాలో పెట్టొద్దు.

డబ్బాలో ఇంకో కాగితం ఉండాలి, ఇది ఉత్తరం కాదు. మీ క్యాన్సర్ ఏ రకం, ఎన్నో ఏట బయటపడింది, బయాప్సీ రిపోర్టు జిరాక్స్, మీ అమ్మగారి వైపూ నాన్నగారి వైపూ ఎవరికైనా రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వచ్చాయా, వస్తే ఎన్నో ఏట. అండాశయ క్యాన్సర్ కొందరిలో BRCA1, BRCA2 అనే జన్యువుల్లో మార్పు వల్ల వస్తుంది, అది తల్లి నుంచి కూతురికీ కొడుక్కీ కూడా రావచ్చు. మీకు ఆ రక్త పరీక్ష చేశారా అని డాక్టర్ని అడగండి. చేయకపోతే, ఇప్పుడు చేయించడం మీ చికిత్స కోసం కాకపోయినా పిల్లలకి, మీ చెల్లెలికి పనికొస్తుంది. పిల్లలకి చిన్నతనంలో పరీక్ష అక్కర్లేదు, 18 దాటాక వాళ్లే డాక్టరుతో మాట్లాడి తేల్చుకుంటారు. మీ చెల్లెలు మాత్రం అంతవరకు ఆగక్కర్లేదు, రిపోర్టు పట్టుకుని ఇప్పుడే వెళ్లి అడగవచ్చు.

మీ ఆయన్ని కూర్చోబెట్టి ఒప్పించే ప్రయత్నం చేయకండి. ఆయన ఆ మాటలు వినలేకపోతున్నారు, అంతే. పని చెప్పండి. బాండ్ పేపరు తెమ్మనండి, కవర్లు తెమ్మనండి, బజారులో జిరాక్స్ తీయించుకు రమ్మనండి. బాబు పుట్టిన రోజు ఆసుపత్రిలో ఏం జరిగిందో మీకంటే ఆయనకే ఎక్కువ తెలుసు, మీరు మత్తులో ఉండి ఉంటారు. ఆ ఒక్క సంగతి అడగండి. అడిగేటప్పుడు ఫోన్లో రికార్డరు ఆన్ చేసి ఉంచానని చెప్పే అడగండి.